కుక్కపిల్ల ‘తాగింది’, భీముడు ‘తాగాడు’: ఒకే కథలో రెండూ ఉండొచ్చా?

పద్మజ: పిల్లల కోసం ఒక చిన్న కథ రాశాను. ఐదో తరగతి చదివే చింటూ, రేషన్ షాపు మెట్ల కింద వానకి వణుకుతున్న నల్ల కుక్కపిల్లని చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెస్తాడు. ఉంచుకోవాలా వద్దా అని తేలకముందే పేరు మీద గొడవ మొదలవుతుంది.

నాన్న ‘రాజు’ అంటాడు. నానమ్మ ఒప్పుకోదు. “మీ అన్నయ్యని ఇంట్లో అందరం రాజూ అనే పిలుస్తాం. రేపు పండక్కి వాడొస్తే, ‘రాజూ, అవతలికి పో’ అని ఎవర్ని అంటావురా?” అక్క చెప్పిన ‘బ్రూనో’ నానమ్మకి నోరు తిరగదు. అమ్మ ‘టామీ’ అంటుంది గానీ, ఆ వీధిలో అప్పటికే ఇద్దరు టామీలు ఉన్నారు. చివరికి చింటూ ‘భీముడు’ అంటాడు. డొక్కలు లెక్కపెట్టేలా ఉన్న పిల్లకి ఆ పేరేమిటని అందరూ నవ్వితే, “తింటే వాడే అవుతాడు” అంటాడు.

నా సందేహం ఇది. పేరు పెట్టేదాకా ‘మూలన ముడుచుకుని పడుకుంది’ అని రాశాను. పెట్టాక ‘గిన్నెలో పాలన్నీ తాగేశాడు’ అని రాశాను. చదివిన స్నేహితురాలు అన్నిచోట్లా ఒకేలా మార్చమంటోంది. మీరేమంటారు?

సత్యనారాయణ: మార్చాల్సిందే అమ్మా. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం పశుపక్ష్యాదులు అమహత్తులు, అంటే మగవాళ్ళని చెప్పే మాటలైన మహత్తుల్లో చేరవు. పేరు పెట్టినంత మాత్రాన కుక్క మహత్తు అయిపోదు. ‘భీముడు పాలు తాగింది’ అనే రాయాలి.

ఉష: అంత చిన్న పిల్లకి ఆవు పాలు, గేదె పాలు పోయించకండి పద్మజగారూ. చాలా కుక్కపిల్లలకి పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. చదివిన పిల్లలు అదే చేస్తారు. దయచేసి ఆ వాక్యం మార్చండి.

జాహ్నవి: సత్యనారాయణగారూ, వర్గీకరణ మీరు చెప్పినట్టే. కానీ అదే చిన్నయసూరి నీతిచంద్రికలో సింహం పింగళకుడు, ఎద్దు సంజీవకుడు, నక్కల్లో ఒకడు దమనకుడు. మగవాళ్ళ పేర్లకి వచ్చే ‘డు’ ఆ జంతువుల పేర్లకీ వచ్చింది. ‘భీముడు తాగింది’ అంటే చెవికి గుచ్చుకునేది అందుకే. ఆ ‘డు’ వెనక ‘తాగాడు’ కోసం మనం ఎదురుచూస్తాం.

పద్మజగారూ, నేనైతే ఒకేలా మార్చను. ఎవరు మాట్లాడుతున్నారో చూసుకుని పంచుతాను. చింటూ మొదటి రాత్రి నుంచే “వాడికి చలేస్తోంది” అంటాడు. నానమ్మ “అది చెప్పులు కొరికితే ఊరుకోను” అంటుంది. కొన్నాళ్ళకి నానమ్మ వంటింట్లోంచి “వాడు తిన్నాడా?” అని అడిగితే చాలు, ఆవిడ మనసు మారిందని మీరు వేరే రాయక్కర్లేదు.

ఇంకో మాట. ఆ పిల్ల ఆడదై, మల్లి అని పేరు పెట్టి ఉంటే ఈ అవకాశమే ఉండదు. అమ్మ తాగింది, కుక్క తాగింది, మల్లి తాగింది: ఏకవచనంలో మూడూ ఒకటే. తేడా బహువచనంలోనే బయటపడుతుంది, ఆడవాళ్ళు ‘వచ్చారు’, కుక్కలు ‘వచ్చాయి’. అన్నట్టు, మీరే ‘ఇద్దరు టామీలు’ అని రాశారు, ‘రెండు’ అనలేదు. నాకది చాలా నచ్చింది.

రమేశ్, కరీంనగర్: మా కుక్క పేరు టైగర్. దాంట్ల ‘డు’ లేకున్నా మా నాయిన “టైగర్‌గాడు తిన్నడా?” అనే అడుగుతడు. కోపమొస్తే మాత్రం “దీన్ని బయట కట్టేయ్” అంటడు. పొద్దున ‘వాడు’, మాపటికి ‘అది’.

పద్మజ: రమేశ్‌గారూ, కోపమొస్తే మళ్ళీ ‘అది’ అయిపోవడం నాకు తట్టలేదు. చెప్పులు కొరికిన రోజు అమ్మ నోట ఆ మాట పెడతాను. ఉషగారూ, పాలు తీసేసి మెత్తగా పిసికిన గుడ్డన్నం పెట్టిస్తాను.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఆఖర్న తల్లికుక్క వెతుక్కుంటూ వస్తుంది. దానికి పేరు లేదు. ‘భీముడూ తల్లీ గేటు దగ్గర పడుకున్నారు’ అనాలా, ‘పడుకున్నాయి’ అనాలా?

సత్యనారాయణ: పడుకున్నాయి. ఇందులో సందేహమే లేదు.

జాహ్నవి: కథకురాలు చెబితే ‘పడుకున్నాయి’ నాకూ సమ్మతమే. చింటూ చెబితే మాత్రం ‘ఇద్దరూ పడుకున్నారు’ అనే అంటాడు. భీముడి తల్లిని వాడు ‘అది’ అంటాడని నేననుకోను.

సత్యనారాయణ: వీధికుక్కని ‘వాళ్ళమ్మ’ అంటాడా?

రమేశ్, కరీంనగర్: మా పోరగాడు అట్లనే అంటడు సార్.