ట్రాష్ ఖాళీ చేయాలా, గడువు దాకా ఉంచాలా?

వేపచెట్టు: స్టోరేజ్ నిండిందని మా తమ్ముడు నా ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ ట్రాష్ మొత్తం ఖాళీ చేసేశాడు. పొరపాటున డిలీట్ చేసిన నాన్న షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉన్నాయి. 60 రోజులుంటాయి కదా అని తీరిగ్గా ఉన్నా. గడువుకి ముందే ఎందుకు ఖాళీ చేయాలి?

పెసరట్టు: 60 ఎక్కడివండీ, అన్నిట్లో 30 రోజులే. ఇన్‌స్టాలోనూ అంతే.

గోదారిగట్టు: ఇన్‌స్టా వరకు సరే, అదీ పోస్టులకి. ఆర్కైవ్‌లో లేని స్టోరీ అయితే ఒక్కరోజే. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోకి 60, బ్యాకప్ కానిదానికి 30. వాట్సాప్ ఫోల్డర్‌కి చాలామంది బ్యాకప్ పెట్టరు, అందుకే ఒకే రోజు డిలీట్ చేసినా అవి ముందు పోతాయి. ఖాళీ చేశాక ఇక తిరిగి రావు. ఆ ఫొటోలు పంపినవాళ్ల చాట్‌లో ఉంటాయేమో అడగండి. ఈసారి జాగా కావాలంటే ట్రాష్‌లో పెద్ద వీడియోలు మాత్రం ఎంచుకుని తీసేయండి, మొత్తం ఊడ్చేయక్కర్లేదు.

పెసరట్టు: ఐఫోన్‌లో 30 అని స్క్రీన్ మీదే రాసుంది నాకు.

నల్లరేగడి: రోజుల లెక్క దేనికి? నేనైతే డిలీట్ చేసిన నిమిషంలోనే ట్రాష్ కూడా ఖాళీ చేస్తా.

వేపచెట్టు: మీలాంటివాళ్ల వల్లేనండీ ఇలాంటివి జరిగేది. ఆ గడువు పెట్టిందే పొరపాటు చేసేవాళ్ల కోసం.

నల్లరేగడి: మీకు పోయినవి ఫొటోలు. నేను స్క్రీన్ మార్చమని ఫోన్ ఇస్తే ఆ షాపువాడు పాస్‌కోడ్ అడిగి తీసుకుని, నేను డిలీట్ చేశాననుకున్నవన్నీ చూశాడు. 'ఈ ఫొటోలు బాగున్నాయి మేడం' అన్నాడు. ఆ 30 రోజులు ఎవరికి మేలు చేశాయి చెప్పండి?

గోదారిగట్టు: అయ్యో. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి డిలీట్ చేసినవి ఉండే ఆల్బమ్‌కి తాళం ఉంది, కానీ పాస్‌కోడ్ చేతికిస్తే ఆ తాళమూ తెరుచుకుంటుంది. శాంసంగ్‌లో అయితే మెయింటెనెన్స్ మోడ్ పెట్టి ఇవ్వండి, మన ఫొటోలు కనపడవు. అది లేని ఫోన్‌కి మాత్రం మీరన్నదే నయం.

వేపచెట్టు: అక్కా, నేను రోజుల గురించి అడిగాను గానీ నా కోపం వేరే. వాడు నన్నొక మాట అడగలేదు.

నల్లరేగడి: నన్నూ ఎవరూ అడగలేదు తమ్ముడూ. అందుకే పాస్‌కోడ్ మార్చా, ఇంట్లోవాళ్లకీ చెప్పలేదు.

పెసరట్టు: ఇంట్లోవాళ్లకి కూడానా? అది అతి.

వేపచెట్టు: పిన్ని చాట్‌లో ఏడు ఫొటోలు దొరికాయి, మసకగా ఉన్నాయి. తమ్ముడికి ఇంకా చెప్పలేదు.