డబ్బాలు వేరయ్యాక మా గోదాంలో నవ్వు ఆగిపోయింది, ఏం చేయాలి?

స్పేర్‌పార్ట్స్ అన్న:
హన్మకొండలో నాది బైకు స్పేర్‌పార్టుల హోల్‌సేల్ దుకాణం, నాతో కలిపి ఏడుగురం. మొన్నటిదాకా ఒకటిన్నరకు షట్టర్ సగం దించి, వెనక గోదాంలో అట్టపెట్టెలు పరిచి అందరం ఒక్కచోట అన్నం డబ్బాలు విప్పేవాళ్లం. గిరాకీ వెనక్కి పోతోందని జనవరి నుంచి రెండు బ్యాచులు చేశాను. అప్పటి నుంచి ప్రతి చిన్నదానికీ లొల్లి.

ఒకటి చెప్తాను. రెండేళ్ల కింద జనగామ గిరాకీకి బ్రేక్ కేబుల్ బదులు క్లచ్ కేబుల్ ప్యాక్ చేసి పంపాడు మావాడు. ఆ రోజు డబ్బాల దగ్గర ఇంకొకడు "ఇగ వాళ్ల బండి ఆగదు, గేర్లు మార్చుకుంటనే హైదరాబాద్ పోతది" అన్నాడు. తప్పు చేసినవాడే ముందు పగలబడ్డాడు, సాయంత్రం తనే బస్సెక్కి వెళ్లి మార్చి వచ్చాడు. మొన్న సరిగ్గా అలాంటి తప్పే జరిగితే "బిల్లు రాసింది ఎవరు, ప్యాక్ చేసింది ఎవరు" అని ఇద్దరు నా టేబుల్ దాకా వచ్చారు. ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు.

నేను ఊరుకోలేదు. శనివారం సాయంత్రం చాయ్, మిర్చి బజ్జీ పెట్టి జోకుల ప్రోగ్రాం షురూ చేశాను. నవ్వుతారు, బాగానే నవ్వుతారు. సోమవారం మళ్లీ అదే మొహాలు. జోకులు మార్చాలా?

కాజీపేట లక్ష్మి:
తమ్ముడూ, మేం పొద్దున వాకింగ్ అయ్యాక పది నిమిషాలు గట్టిగా హా హా అని నవ్వుతాం. ఇది 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టర్ మొదలుపెట్టింది. నాకైతే రోజంతా హుషారుగా ఉంటుంది. మీ వాళ్లతో చేయించండి.

స్పేర్‌పార్ట్స్ అన్న:
అక్కా, వాళ్ల ఆరోగ్యం బాగానే ఉంది, ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడమే నా బాధ.

టీమ్‌లీడ్ మామ:
సింపుల్. కలిసి నవ్వితే మెదడులో ఎండార్ఫిన్లు అనే నొప్పి తగ్గించే రసాయనాలు విడుదలవుతాయి, దాంతో మనుషులు దగ్గరవుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ నిరూపించాడు. ఏ కామెడీ అయినా పర్వాలేదు, ఫోన్ టీవీకి పెట్టి అందరికీ చూపించండి, పని అయిపోతుంది.

పాత లెక్చరర్:
మామ చెప్పింది సగం నిజం. డన్‌బార్ వాళ్ల 2012 పరీక్ష ఇలా సాగింది: గడ్డకట్టిన చల్లటి పట్టీ చేతికి తొడిగి ఎంతసేపు ఓర్చుకుంటారో చూశారు, తర్వాత కొందరికి కామెడీ చూపించి మళ్లీ తొడిగారు. కడుపారా నవ్వినవాళ్లు ఇంకాసేపు ఓర్చుకున్నారు. నొప్పి తట్టుకోవడాన్ని బట్టి ఎండార్ఫిన్లు పనిచేశాయని అనుకోవాలే తప్ప, వాటిని నేరుగా కొలవలేదు. 2017లో ఫిన్లండ్‌లోని తుర్కులో స్కానింగ్ పెట్టి మెదడులోనే చూశారు, కానీ ఆ పన్నెండు మందీ తమ దగ్గరి స్నేహితులతో కూర్చుని నవ్వినవాళ్లు. అలిగిన ఇద్దరిని టీవీ ముందు కూర్చోబెడితే కలిసిపోతారని ఈ రెండిట్లో ఎక్కడా తేలలేదు.

అన్నా, మీ సంగతికి రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా సైకాలజిస్ట్ పని దగ్గరగా ఉంటుంది. ఆయనా, ఆయన విద్యార్థులూ మాల్స్‌లో, క్యాంపస్‌లో జనం మాటలు పక్కన నిలబడి విని, పన్నెండు వందల నవ్వులు రాసుకున్నారు. జోకు లాంటి మాట తర్వాత వచ్చిన నవ్వులు ఐదో వంతు కూడా లేవు. మిగతావన్నీ "సరే వస్తా మరి", "అదిగో వాడొచ్చాడు" లాంటి ఉత్త మాటల తర్వాత వచ్చినవే. ఇంకో సంగతి, వినేవాళ్ల కంటే మాట్లాడేవాళ్లే ఎక్కువ నవ్వారు.

ఇప్పుడు మీ శనివారం చూడండి. మాట్లాడేది మీరు, నవ్వేది వాళ్లు. జీతమిచ్చే మనిషి జోకు వేస్తే నవ్వకుండా ఎవరుంటారు? గోదాంలో జనగామ కేబుల్ మాట జోకు కోసం పుట్టింది కాదు. తప్పు జరిగి ఇంకా రెండు గంటలు కాలేదు, అది ఫిర్యాదు కాకముందే అందరి మధ్యలో పడింది, చేసినవాడు నవ్వి "అవును, నాదే" అని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ తప్పు ఒకటిన్నరకు బయటపడే చోటు లేదు, సాయంత్రానికి బిల్లు బుక్కులో బయటపడుతోంది.

మిర్చియార్డ్:
సార్ మాట ఒప్పుకుంటా, కానీ అందరి నవ్వూ ఒక్కటి కాదు. ఎనుమాముల మార్కెట్‌లో నేను చేరిన కొత్తలో, తూకం తప్పు చదివానని నాకో పేరు పెట్టారు. మొదటి నెల నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని నవ్వాను, అంతే. నాలుగో నెలకు నేను డబ్బా తీసుకుని చెట్టు కింద కూర్చునేవాణ్ని. అన్నా, మీ క్లచ్ కేబుల్ పిల్లాడిని ఒకసారి విడిగా అడగండి, ఆ జోకు ఆ ఒక్క రోజుతో పోయిందా, రెండేళ్లుగా నడుస్తోందా?

మంచిర్యాల కోడలు:
ఇది మా ఇంట్లో ఉన్నదే. మా మరిది నా సర్వపిండిని "గ్యాస్ సిలిండర్ మీద మూత పెట్టొచ్చు" అంటాడు, నేను వాడి పెళ్లి చూపుల కథ ఎత్తుతా, ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతాం. అదే మాట మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఒకసారి అన్నారు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. మాట అదే, పిండి అదే. ఎందుకో నాకే అర్థం కాలేదు.

పాత లెక్చరర్:
అమ్మా, మీ ఇంట్లో జరిగిందాని మీద 1940లోనే రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే ఆంత్రోపాలజిస్ట్ వ్యాసం రాశాడు. కొన్ని వరసల మధ్య ఎగతాళి చేసే హక్కు ఉంటుంది, అవతలివాళ్లు కోపం తెచ్చుకోకూడదు. కొన్ని వరసల మధ్య దూరమే మర్యాద. మనకు వదినా మరిదీ, అక్క మొగుడైన బావా మరదలూ మొదటి రకం, అల్లుడూ అత్తా, భర్త అన్నా తమ్ముడి భార్యా రెండోది. మీరు మరిదికి జవాబిచ్చారు, బావగారికి ఇవ్వలేరు. నేనైతే తేడా అక్కడే చూస్తాను. పెళ్లిలో వియ్యపురాలి మీద పాటలు పాడితే అటువాళ్లూ తిరిగి పాడతారు కదా.

దుకాణంలో వరసలు ఉండవు కాబట్టి ఎవరికి ఎంత హక్కుందో తెలియదు. మిర్చియార్డ్ గారి విషయంలో జవాబు చెప్పే దారి లేకుండా పోయింది, అందుకే ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది.

టీమ్‌లీడ్ మామ:
అయితే ఓనరు అసలు జోకు వేయకూడదంటారా? అది మరీ అతి సార్.

పాత లెక్చరర్:
వేయొచ్చు, ముందు తన మీద వేసుకోవాలి. అదీ రోజూ చేస్తే సానుభూతి కోసం అడుక్కున్నట్టు ఉంటుంది.

స్పేర్‌పార్ట్స్ అన్న (మూడు వారాల తర్వాత):
శనివారం ప్రోగ్రాం తీసేశాను, బజ్జీలు ఉంచాను. మంగళ, శుక్రవారాలు గిరాకీ తక్కువ, ఆ రెండు రోజులు షట్టర్ సగం దించి అందరం కలిసి తింటున్నాం. నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తున్నా, నేను లేనప్పుడు మాటలు బాగా నడుస్తున్నాయని నాకే వినబడింది.

క్లచ్ కేబుల్ పిల్లాడిని విడిగా అడిగాను. "అది పర్వాలేదు అన్నా, కానీ 'జనగామ' అని పిలవడం ఆపమనండి" అన్నాడు. రెండేళ్లుగా వాడిని అలా పిలుస్తున్నవాళ్లలో నేనూ ఉన్నా.

ఆ ఇద్దరు మాత్రం ఇంకా మాట్లాడుకోవడం లేదు. పోయిన శుక్రవారం ఒకడి డబ్బా మూత రాకపోతే రెండోవాడు స్క్రూడ్రైవర్ ఇచ్చాడు, అది చూసి అందరూ నవ్వారు, వాళ్లిద్దరూ తప్ప.