వలస నుంచి తిరిగొచ్చిన పిల్లల కోసం భాగహారం పాఠం ఆపాలా?

మక్తల్ టీచర్: మా 5వ తరగతిలో ఇద్దరు పిల్లలు అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకు పోయి ఆరు నెలలకు వచ్చారు. క్లాసులో భాగహారం నడుస్తోంది, వీళ్లు తీసివేత దగ్గరే ఆగిపోతున్నారు. అందరికీ పాఠం ఆపాలా, వీళ్లను విడిగా కూర్చోబెట్టాలా?

కల్వకుర్తి సార్: విడిగానే మేడం. తీసివేత, ఎక్కాలు రాకుండా భాగహారం ఎట్లా వస్తుంది? ఓ నెల 3వ తరగతిలో కూర్చోబెట్టండి.

దేవరకొండ నుంచి ఒక తండ్రి: మేం పుణె నుంచి వచ్చినప్పుడు టీసీ లేదని మా పాపను బడిలో చేర్చుకోలేదండి. ముందు దాని సంగతి చెప్పండి.

అచ్చంపేట టీచర్: అన్నా, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఎంఈఓ గారికి రాసివ్వండి. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, వెనకబడిన దానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతుంది.

తీసివేత కావాలన్నది నిజమే సార్. కానీ దాన్ని భాగహారం పాఠంలోనే నేర్పొచ్చు. మేడం, ముందు 52 – 27 ఇచ్చి చూడండి. 35 అని రాస్తే, 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీశారన్నమాట. వాళ్లకు పదిని విప్పడం తెలియదు, లోటు అక్కడే ఉంది.

ఇప్పుడు అందరికీ 92 ÷ 4 పుల్లలతో చేయించండి. 9 పది పుల్లల కట్టలు, 2 విడి పుల్లలు. నలుగురికి తలా 2 కట్టలు పోతే ఒక కట్ట మిగులుతుంది. దాన్ని విప్పితే విడి పుల్లలు 12, తలా 3. జవాబు 23. వెంటనే అవే పుల్లలతో 52 – 27 చేయించండి, మళ్లీ కట్ట విప్పాల్సిందే. మిగతా పిల్లలు కూడా '2 దించాలి' అని అలవాటుగా చేస్తుంటారు, 12 ఎక్కడిదని అడిగితే చెప్పలేరు. అందుకే ఈ పీరియడ్ ఎవరికీ వృథా కాదు. 4వ ఎక్కం చీటీ మీద రాసివ్వండి. మర్నాడు పుల్లలు లేకుండా 75 ÷ 3 ఇచ్చి, మిగిలిన పదిని ఏం చేశావని అడగండి. నోటితో చెప్పగలిగితే పట్టుకున్నట్టే.

కల్వకుర్తి సార్: పుల్లల సంగతి ఒప్పుకుంటా. చీటీ ఇస్తే మాత్రం ఎక్కాలు ఎన్నటికీ రావు. పైగా నాకు రెండు తరగతులు ఒకే గదిలో, ఇంత టైమ్ ఎక్కడిది?

మక్తల్ టీచర్: ఇప్పుడే ఇచ్చి చూశాను. బాబు 35 రాశాడు. పాప మాత్రం యాభై రెండు రాయమంటే 502 రాసింది.

అచ్చంపేట టీచర్: అయితే బాబుకు ఈ పాఠం చాలు. పాపకు ఇది చాలదు మేడం. ఆమెకు 'యాభై' అంటే 5 కట్టలని ముందు తెలియాలి. రోజూ అరగంట విడిగా కట్టలు పేర్చి, పక్కనే అంకె రాయించాలి. భాగహారం పీరియడ్‌లో కట్టలు పంచే పని ఆమెకే ఇవ్వండి.

కల్వకుర్తి సార్: నేను విడిగా అన్నది ఇట్లాంటి పిల్లల కోసమే. ఆ అరగంట ఎవరు తీసుకోవాలి? మీ బడిలో ఇంకో టీచర్ ఉన్నారా మేడం?

మక్తల్ టీచర్: లేరు సార్. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చోబెట్టి చూస్తాను.