వృద్ధాశ్రమం పాలకవర్గానికి నామినేషన్: నా బయో ఒకసారి చూసి చెప్తారా?

అందరికీ నమస్కారం. ప్రభుత్వ రంగ బ్యాంకులో మేనేజర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఊళ్లో వృద్ధాశ్రమం నడిపే సొసైటీ వాళ్లు పాలకవర్గానికి నా పేరు ప్రతిపాదించి, ఒక పేరాలో బయో అడిగారు. సభ్యులందరూ అది చదివే ఓటేస్తారు.

పనిచేసిన బ్రాంచీలు, ప్రమోషన్లు వరసగా రాస్తే ఉద్యోగ దరఖాస్తులా ఉంటుంది. ఆశ్రమానికి కావలసింది వేరే. వాళ్లకి విదేశీ విరాళాలు వస్తాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, అందులో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఈ లెక్కలు చూడగలనని తెలిసేలా ఇలా రాశాను:

“బ్యాంకు ఇన్‌స్పెక్షన్ విభాగంలో ఉండగా బ్రాంచీల లెక్కలు తనిఖీ చేసి, బయటపడిన లోపాలు సరిదిద్దేదాకా వెంటపడ్డాను. బిల్లు పెట్టేవారు, చెక్కుపై సంతకం చేసేవారు వేరువేరుగా ఉండాలన్నది నా పద్ధతి. డ్వాక్రా సంఘాల మహిళలకు లెక్కల పుస్తకాలు రాయడం నేర్పాను. ప్రస్తుతం ఆశ్రమంలోని పెద్దల పెన్షన్, లైఫ్ సర్టిఫికెట్ పనులు చూస్తున్నాను.”

ఇందులో ఆశ్రమం పని ముందు రావాలా, తనిఖీ అనుభవమా? సంతకాల వాక్యం ఇప్పుడున్న కార్యవర్గాన్ని తప్పుపట్టినట్టు అనిపిస్తుందా?

ఇంకొకటి, నాకు టెన్షన్‌గా ఉన్నది ఇదే. ఆశ్రమానికి మందులిచ్చే షాపు మా బావమరిదిది. ఆ బిల్లులు చర్చకొస్తే నేను ఓటేయను, అది ఖాయం. ఈ మాట బయోలోనే పెట్టాలా, కార్యదర్శికి విడిగా లేఖ ఇచ్చి మినిట్స్‌లో రాయిస్తే చాలా? సొసైటీల్లో పనిచేసినవారు చెప్పండి.