తరుగు అంతా సున్నా వస్తోంది. ఫోటో తీసేశారు, షీటును ఫార్ములాలతో సహా ఎలా పెట్టాలి?

మిర్యాలగూడ_గుమస్తా
వడ్లు కొనే దుకాణంలో లెక్కలు రాస్తాను. తేమ 17 శాతం దాటితే, దాటిన ఒక్కో శాతానికి క్వింటాలుకు కిలో చొప్పున తరుగు తీస్తాం. దానికి ఎక్సెల్‌లో ఫార్ములా రాసుకున్నా. ఎర్రర్ ఏమీ రావట్లేదు, కానీ తరుగు కాలమ్ మొత్తం సున్నా. నిన్న స్క్రీన్‌షాట్ పెడితే రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయని తీసేశారు. సరే, తప్పు లేదు. ఇప్పుడు ఆ గడులను ఉత్త అక్షరాలుగా ఎలా పెట్టాలో చెప్పండి. పై శీర్షికలు, ఫార్ములాలు పోకూడదు.

పాలమూరు_పిల్లగాడు
దీనికింత టెన్షన్ ఎందుకన్నా. గడులు సెలెక్ట్ చేసి కాపీ కొట్టు, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి, అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చి పెట్టు. నేను ఎప్పుడూ అట్లే చేస్తా.

మిర్యాలగూడ_గుమస్తా
పేర్ల కాలమ్ తీసేసి, లాట్ నంబర్లు వేసి పెడుతున్నా.

```
తేదీ లాట్ తూకం కిలో తేమ తరుగు నికర మొత్తం
03-11-2025 L1 4120 18.5% 0 4120 94760
03-11-2025 L2 3860 19.2% 0 3860 88780
04-11-2025 L3 2975 16.8% 0 2975 68425
```

దేవరకొండ_మాస్టారు
తమ్ముడూ, ఇది ఫోటోలో ఉన్నదే, అక్షరాల్లోకి మారింది అంతే. తరుగు సున్నా అని నువ్వే చెప్పావు, ఆ సున్నా ఎట్లా వచ్చిందో ఇందులో లేదు. మామూలుగా కాపీ చేస్తే ఎక్సెల్ తెరమీద కనిపించేదే ఇస్తుంది, వెనకున్న ఫార్ములా ఇవ్వదు.

ఇంకోటి చూడు. నోట్‌ప్యాడ్‌లో గడికీ గడికీ మధ్య ట్యాబ్ ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి అది ఖాళీ జాగా అయిపోయింది. 'తూకం కిలో' ఒక శీర్షికా, రెండా? షీటు చూడనివాడికి తెలియదు. శీర్షిక వరుసలో ఎనిమిది మాటలు, కింద ఏడేసి అంకెలు.

ముందు Ctrl నొక్కిపట్టి, Esc కింద ఉన్న ` మీట నొక్కు. షీటంతా ఫార్ములాలు కనిపిస్తాయి. అదే మీట మళ్లీ నొక్కితే మామూలుగా అవుతుంది. మీట దొరక్కపోతే Formulas ట్యాబ్‌లో Show Formulas ఉంటుంది. ఆ స్థితిలో కాపీ చేసి, ట్యాబ్‌ల బదులు కామాలు వేసి పెట్టు.

మిర్యాలగూడ_గుమస్తా
చేశాను మాస్టారూ. నోట్‌ప్యాడ్‌లో Replace తో ట్యాబ్‌లన్నీ కామాలు చేశా. తేదీలు మాత్రం ఏదో వింత అంకె అయిపోయాయి, షీటు పాడైందేమో అని భయమేసింది.

```
తేదీ,లాట్,తూకం కిలో,తేమ,తరుగు,నికర,మొత్తం
45964,L1,4120,0.185,=IF(D5>17,C5*(D5-17)/100,0),=C5-E5,=ROUND(F5*$G$2/100,0)
```

పాలమూరు_పిల్లగాడు
45964 ఏందన్నా, లాటరీ నంబరా?

దేవరకొండ_మాస్టారు
పాడు కాలేదు. ఎక్సెల్ తేదీని రోజుల లెక్కగా దాచుకుంటుంది. 2025 జనవరి 1 దాని లెక్కలో 45658. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే 45964 నవంబర్ 3. ఫార్ములాలు చూపించే స్థితిలో గడుల పై అలంకారం పోయి, లోపల దాచుకున్న అంకె బయటికొస్తుంది.

ట్యాబ్‌లను కామాలు చేయమని నేను చెప్పిన దాంట్లో ఒక చిక్కు ఉంది, ఇప్పుడు నీ వరుసలో కనిపిస్తోంది. శీర్షికలు ఏడు. కింది వరుసను కామాల దగ్గర విరిచి లెక్కపెట్టు, పది ముక్కలు వస్తాయి. IF లోపల రెండు కామాలు, ROUND లోపల ఒకటి, అవి కూడా గడి సరిహద్దులు అయిపోయాయి. ఫార్ములాలో కామా ఉన్న గడికి చుట్టూ " గుర్తులు ఉండాలి. చేత్తో పెట్టుకోవచ్చు, కానీ రెండు వందల వరుసలున్నవాడు ఏడుస్తాడు. ఆ పని ఎక్సెల్‌తోనే చేయించు.

అంతకంటే పెద్దది, నువ్వు శీర్షికల దగ్గర నుంచి పెట్టావు. ఫార్ములాలో D5 అని ఉందంటే నీ మొదటి లాట్ ఐదో వరుసలో ఉంది, పైన ఇంకేవో మూడు వరుసలున్నాయి. నేను నీ ముక్కను ఖాళీ షీటులో A1 దగ్గర వేస్తే L1 రెండో వరుసలో పడుతుంది. అది D5 లో వెతుకుతుంది, అక్కడ వేరే లాటో ఖాళీయో ఉంటుంది. రేటు కోసం G2 చూస్తుంది. నా షీటులో G2 అంటే L1 మొత్తం వచ్చే గడే. తనను తానే అడుగుతున్నట్టు అయ్యి, ఎక్సెల్ circular reference అని గోల చేస్తుంది. నీ షీటులో లేని తప్పు నా దగ్గర పుడుతుంది.

అందుకని పైనుంచి, A1 దగ్గర నుంచి పెట్టు. ఖాళీ వరుస ఉన్నా వదలకు. ఎట్లాగంటే:

ముందు షీటును మామూలుగా సేవ్ చేసుకో. తర్వాత ఒక కాపీ తెరిచి, అందులో పేర్లు, ఫోన్లు తుడిచెయ్యి. కాలమ్‌ను డిలీట్ చేయకు, గడుల్లో ఉన్నది మాత్రం తుడువు. అప్పుడు ఫార్ములాలు చూపించే స్థితిలోనే Save As కి వెళ్లి, రకం దగ్గర CSV UTF-8 (Comma delimited) ఎంచుకో. UTF-8 లేని మామూలు CSV ఎంచుకుంటే తెలుగు శీర్షికలన్నీ ప్రశ్నార్థకాలు అవుతాయి. నువ్వు చూస్తున్న ఒక్క షీటే సేవ్ అవుతుంది, మిగతావి రావు, దానికి కంగారుపడకు. వచ్చిన ఫైలును డబుల్ క్లిక్ చేయకు, ఎక్సెల్ తెరిచి మళ్లీ జవాబులే చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరువు.

హాలియా_రైతుబిడ్డ
నాకు ఈ కామాల గొడవ అర్థం కాదు కానీ, శాతానికి కిలో తరుగు ఏంది? సర్కారు కొనుగోలు కేంద్రంలో 17 శాతం వరకు తేమ ఉంటే తీసుకోవాలె, ఏ-గ్రేడ్‌కు 2025-26 మద్దతు ధర 2389. మీ లెక్క చూస్తే క్వింటాలుకు 2300 పడుతోంది, అంతే ఇచ్చి మళ్లీ తరుగు తీస్తారా? ఆ సున్నా అట్లనే ఉంచు, రైతుకు మంచిదే.

మిర్యాలగూడ_గుమస్తా
అన్నా, రేటు నేను పెట్టేది కాదు, నేను జీతగాణ్ణి. కల్లం, ఆరబెట్టే జాగా లేనోళ్లు కోసిన పచ్చి వడ్లే తెస్తారు, 19, 20 కూడా ఉంటది. ఆ ముచ్చట వేరే పెట్టండి, వచ్చి మాట్లాడతా.

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశా. పేర్ల కాలమ్‌ను మొదట నేను డిలీట్ చేసే ఉన్నా, కాబట్టి ఫార్ములాల్లో కాలమ్ అక్షరాలు దానికి తగ్గట్టే మారాయి.

```
వడ్ల లెక్క,,,,,,
,,,,,రేటు,2300
,,,,,,
తేదీ,లాట్,తూకం కిలో,తేమ,తరుగు,నికర,మొత్తం
45964,L1,4120,0.185,"=IF(D5>17,C5*(D5-17)/100,0)",=C5-E5,"=ROUND(F5*$G$2/100,0)"
45964,L2,3860,0.192,"=IF(D6>17,C6*(D6-17)/100,0)",=C6-E6,"=ROUND(F6*$G$2/100,0)"
45965,L3,2975,0.168,"=IF(D7>17,C7*(D7-17)/100,0)",=C7-E7,"=ROUND(F7*$G$2/100,0)"
```

రాధ_సూర్యాపేట
ఇప్పుడు చూడగానే తెలిసిపోయింది. తేమ గడిలో ఉన్నది 18.5 కాదు, 0.185. మీరు ఆ కాలమ్‌కు ముందే శాతం ఫార్మాట్ ఇచ్చి ఉంటారు. అట్లాంటి గడిలో 18.5 కొడితే ఎక్సెల్ దాన్ని 18.5% అని చూపిస్తూ లోపల 0.185 దాచుకుంటుంది. మీ ఫార్ములా 0.185 అనేది 17 కన్నా ఎక్కువా అని అడుగుతోంది. ఎప్పటికీ కాదు. అందుకే తేమ 25 వేసినా సున్నానే వస్తుంది.

ఫోటో ఉన్నా దీన్ని పట్టుకోలేకపోయేవాళ్లం. అందులో 18.5% అనే ఉంటుంది, ఫార్ములా కనిపించదు.

దేవరకొండ_మాస్టారు
కరెక్ట్ అమ్మా. నేను కూడా ఖాళీ షీటులో వేసి చూశా, అవే సున్నాలు వచ్చాయి. E5 లో ఇది పెట్టి కిందికి లాగు:

```
=IF(D5>17%,C5*(D5-17%),0)
```

17% అని రాస్తే అది 0.17 అవుతుంది, ఇక 100తో భాగించే పని లేదు. L1 కు 4120 × 0.015, అంటే 61.8 కిలోలు తరుగు. నికర 4058.2, మొత్తం 93,339 రూపాయలు. ఇన్నాళ్లూ 94,760 వచ్చింది, ఒక్క లాట్‌కే 1,421 తేడా. L2 కు తరుగు 84.92 రావాలి. L3 తేమ 16.8 కాబట్టి దానికి సున్నానే, అది నిజమైన సున్నా. ఈ మూడూ సరిపోయాయో చూసి చెప్పు.

మిర్యాలగూడ_గుమస్తా
సరిపోయాయి. 61.8, 84.92, 0. అయితే ఒక అనుమానం. వానాకాలం షీటు ఇది. పోయిన యాసంగి షీటు వేరే గుమస్తా చేసింది, అందులో తేమ కాలమ్‌లో % గుర్తు లేదు, 18.5 అనే ఉంది. దానికి కూడా ఈ ఫార్ములానే వెయ్యాలా?

దేవరకొండ_మాస్టారు
అస్సలు వద్దు. అక్కడ లోపల కూడా 18.5 ఉంటుంది. కొత్త ఫార్ములా వేస్తే 18.5 నుంచి 0.17 తీసి 18.33తో తూకాన్ని గుణిస్తుంది. నాలుగు వేల కిలోల లాట్‌కు డెబ్బై మూడు వేల కిలోల తరుగు చూపిస్తుంది. దానికి నీ పాత ఫార్ములానే సరైనది. ఏ షీటుకు ఏది వెయ్యాలో తెలియకపోతే Ctrl, ` నొక్కి తేమ కాలమ్ చూడు, 0.185 ఉందా 18.5 ఉందా అని.

పాలమూరు_పిల్లగాడు
మాస్టారూ, ఒకటి అడుగుతా. ట్యాబ్‌లతోనే కోడ్ బ్లాక్‌లో పెడితే ఈ " గుర్తుల లొల్లే ఉండదు గదా. ఫార్ములాలో ట్యాబ్ ఎక్కడా రాదు.

దేవరకొండ_మాస్టారు
అదీ నిజమే, కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు అయితే. ట్యాబ్ బతికి ఉంటే ఎక్సెల్‌లో నేరుగా పేస్ట్ చేస్తే గడుల్లో కూర్చుంటుంది, అది కామాలకు లేని సుఖం. కానీ పైన చూశావుగా, ఒకచోటి నుంచి ఒకచోటికి వచ్చేసరికి ఖాళీ జాగా అయిపోయింది. అది కంటికి తెలియదు, కామా పోతే తెలుస్తుంది.

రాధ_సూర్యాపేట
నేను మాత్రం ట్యాబే అంటాను, మా ఆఫీసులో అందరం అదే పంపుకుంటాం. కామాలతో నాకొచ్చిన ఇబ్బంది ఫోన్‌తో. ఒకామె వాట్సాప్‌లో సీఎస్‌వీ పంపింది, మధ్యలో ఒక అంకె ఫోన్‌లోనే దిద్ది " గుర్తులు మళ్లీ కొట్టింది. ఆమె కీబోర్డు వాటిని వంకర తిరిగిన “ ” గా మార్చేసింది. ఎక్సెల్‌కు అవి ఉత్త అక్షరాలే, ఆ ఒక్క వరుసే మళ్లీ ముక్కలైంది. ఏ వరుసలో గడులు ఎక్కువ వచ్చాయో చూస్తే దొరికింది.

నల్లగొండ_బత్తాయి
నా దగ్గర ఎక్సెల్ లేదు, లిబ్రేఆఫీస్ ఉంది. అందులో సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు Edit filter settings టిక్ పెడితే, తర్వాత వచ్చే డబ్బాలో Save cell formulas instead of calculated values అని ఉంటుంది. అది పెట్టుకుంటే చాలు, తెరమీద ఫార్ములాలు చూపించే పని కూడా లేదు.

కానీ నాదొక చిక్కు. నా బత్తాయి లెక్కలో రేటు వేరే షీటులో ఉంటుంది, రోజుకో రేటు. ఫార్ములాలో ఆ షీటు పేరు వస్తుంది, సీఎస్‌వీలోకి ఆ షీటు రాదు. రెండు ఫైళ్లుగా పెట్టి, ఏది ఏ షీటో పైన రాయాలా, లేక రేట్లను ఇదే షీటులోకి తెచ్చుకుని ఫార్ములా మార్చి పెట్టాలా? మారిస్తే అసలు తప్పే పోతుందేమో అని అనుమానం.