వైజాగ్ ఉష్ణోగ్రత చూసి అరకు చలి లెక్క కట్టవచ్చా?

వైజాగ్ వాసి: జనవరిలో అమ్మానాన్నల్ని తీసుకుని అరకు వెళ్తున్నాం. తెల్లవారుజామున ఇక్కడ 20 డిగ్రీలు ఉంటోంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుందని చదివాను కాబట్టి అక్కడ 14 ఉంటుందనుకున్నా. ఆఫీసులో ఒకాయన "7కి దిగిపోతుంది, నీ లెక్క దండగ" అంటున్నారు. లెక్క తప్పా, ఆయన ఎక్కువ చేసి చెబుతున్నారా?

లెక్కల మాస్టారు: లెక్క తప్పు కాదు, మీరు తీసుకున్న అంకె తప్పు. 6.5 అనేది ఒట్టి సగటు. సముద్రమట్టంలో 15 డిగ్రీలు అనుకుని, అక్కడి నుంచి 11 కిలోమీటర్ల దాకా ఒకే తీరుగా తగ్గించుకుంటూ పోయే ప్రామాణిక వాతావరణం ఒకటి విమానాల కోసం పెట్టుకున్నారు, అందులోది ఆ అంకె. పొడి గాలికి 9.8 వాడాలి. జనవరిలో గాలి పొడిగానే ఉంటుంది. 0.9 × 9.8 = 8.8, అంటే 11 డిగ్రీలు. అయినా అక్కడ 7 వస్తోందంటే మన ప్రాంతానికి సొంత రేటు కట్టుకోవాలి. 13 డిగ్రీల తేడాని 0.9తో భాగిస్తే 14.4. ఈ రేటు పెట్టుకోండి, ఏ కొండ ఊరికైనా పనికొస్తుంది.

ఘాట్‌రోడ్డు: ఎత్తుకీ చలికీ మీరనుకునేంత సంబంధం లేదండీ. మే నెలలో మధ్యాహ్నం వైజాగ్ బీచ్ రోడ్డులో మా కారు మీటరు 35 చూపించింది. అరకులో దిగేసరికి 33. తొమ్మిది వందల మీటర్లు ఎక్కితే తగ్గింది రెండే డిగ్రీలు! ఆ చల్లదనం చెట్లదే తప్ప ఎత్తుది కాదు.

బెలూన్ పెద్దాయన: వాతావరణ బెలూన్లు ఎగరేసే పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మాస్టారూ, 9.8 దాకా మీతో వస్తాను. 14.4 దగ్గర మాత్రం ఆగిపోవాలి. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. కింది నుంచి లేచిన గాలి అక్కడ వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచానికి కావలసిన శక్తిని తన వేడిలోంచే ఖర్చు పెట్టుకుంటుంది. బయటి నుంచి చలి వచ్చి చేరడం ఏమీ లేదు. మేఘం కట్టనంతసేపు ఆ ఖర్చు కిలోమీటరుకు 9.8 డిగ్రీలు. మేఘం కట్టడం మొదలైతే ఆవిరి నీరవుతూ కొంత వేడిని తిరిగి ఇచ్చేస్తుంది. అందుకని మన వెచ్చని, తేమ గాలిలో అది నాలుగైదు డిగ్రీలకే పరిమితమవుతుంది.

ఇక 14.4 సంగతి. పైన ఉన్న గాలి అంతగా చల్లబడి, కింద అంత వెచ్చగా ఉంటే కింది గాలి తేలికై పైకి లేస్తుంది, పైది కిందికి దిగుతుంది, రెండూ కలిసి తేడా తగ్గిపోతుంది. మిట్టమధ్యాహ్నం కాలుతున్న నేలకి ఆనుకుని కొద్ది మీటర్ల మందాన అలాంటి తేడా ఉండొచ్చు. తొమ్మిది వందల మీటర్ల మందంలో నిలబడదు. మీ రేటుతో అర్మకొండని లెక్కేసి చూడండి. అది 1,600 మీటర్లు దాటిన కొండ. 20 లోంచి 23 తీసేస్తే శిఖరం మీద సున్నా కంటే 3 డిగ్రీలు కింద ఉండాలి. అలా ఉండదు.

అందుకే వైజాగ్ వాసి గారికి నా జవాబు ఇది. 20 లోంచి ఎత్తు పేరు చెప్పి తీసేయగలిగింది మహా అయితే తొమ్మిది డిగ్రీలు. 11 కంటే కింద కనిపించే ప్రతి డిగ్రీ అరకు నేల రాత్రంతా పోగొట్టుకున్న వేడి. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలక, తేమ తక్కువగా ఉన్న రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. చుట్టూ ఉన్న వాలుల మీంచి నీళ్లలా పల్లానికి జారి, లోయ అడుగున నిలుస్తుంది. అరకు చుట్టూ కొండలే కదా, ఆ గాలికి బయటికి పోయే దారి తక్కువ. మీ ఆఫీసు ఆయన చెప్పిన 7 అలాంటి రాత్రికి సరిపోతుంది. వైజాగ్‌కి ఇది అంతగా వర్తించదు. పక్కన సముద్రం ఉంది, గాలిలో తేమ ఉంది, రాత్రి అంతగా చల్లబడదు.

లెక్కల మాస్టారు: శిఖరం మీద కంటే లోయలోనే చలి ఎక్కువని అంటున్నారా? అలాగైతే ఎత్తుకి వెళ్తే చల్లబడుతుందన్న సూత్రమే తలకిందులవుతుంది కదా సార్.

కాఫీ తోట: అవుతుంది మాస్టారూ, మాకు ఏటా కళ్లకు కనపడేదే. మాది చింతపల్లి వైపు. జనవరి తెల్లవారుజామున తోట అడుగున, వాగు పక్కన గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. అదే వాలు మీద కాస్త పైకి వెళ్తే ఆకు తడిగా ఉంటుంది గానీ తెల్లబడదు. లేత మొక్కలు ముందు మాడిపోయేది గుంటలోనే, అందుకే కొత్త మొక్కలు అక్కడ పెట్టం. మీకు నమ్మకం కలగాలంటే పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కండి. పొద్దున్నే జనం అక్కడికి పోయేది కింద లోయ నిండా పరుచుకున్న మంచు మబ్బుని చూడటానికే. మబ్బు కింద, మీరు పైన. చల్లగాలి కిందే ఉండిపోయిందన్నమాట.

బెలూన్ పెద్దాయన: బాగా చెప్పారు. ఆ మబ్బు పైఅంచు బల్లపరుపుగా ఉండటం గమనించండి. దాని మీద ఉన్న గాలి కింది దానికంటే వెచ్చగా ఉంది కాబట్టే మబ్బు పైకి లేవలేకపోతోంది. ఎండ నేలని వేడెక్కించాక, తొమ్మిది పది గంటలకి ఆ అంచు చిరిగిపోతుంది. అప్పటి నుంచి మాస్టారి సూత్రం మళ్లీ పనిచేస్తుంది.

ఘాట్‌రోడ్డు తమ్ముడూ, నీ లెక్కలో ఎత్తుది తప్పేమీ లేదు, నువ్వు బయల్దేరిన చోటు సరైనది కాదు. మేలో మధ్యాహ్నం సముద్రపు గాలి బీచ్ రోడ్డుని చల్లబరుస్తుంది. అరకు పైకి లేచి వచ్చేది ఆ గాలి కాదు, లోపలి మైదానంలో కాగిన గాలి. ఘాట్ మొదలయ్యే ముందు శృంగవరపుకోటలో ఆగి చూడాల్సింది. అక్కడ 40 ఉందనుకో. అరకుకీ దానికీ ఎత్తు తేడా 800 మీటర్ల పైచిలుకు. మే మధ్యాహ్నం గాలి బాగా కలిసిపోయి ఉంటుంది కాబట్టి రేటు 9కి దగ్గర్లో ఉంటుంది. ఏడెనిమిది డిగ్రీలు తీసేస్తే 32, 33. నీకు కనిపించింది అదే.

ఘాట్‌రోడ్డు: కోటలో టిఫిన్‌కి ఆగాను గానీ మీటరు చూడలేదు. ఈసారి చూస్తాను. మరి అరకులో మా ఆవిడ పప్పు ఎంతకీ ఉడకలేదంది, అదీ ఈ చలి వల్లేనా?

బెలూన్ పెద్దాయన: అది ఒత్తిడి తగ్గడం వల్ల. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్‌లో పెట్టుకుంటే సరి.

వైజాగ్ వాసి: అంటే 6.5 ఎప్పుడూ వాడకూడదా సార్? వానాకాలంలో?

బెలూన్ పెద్దాయన: వానాకాలంలో మధ్యాహ్నపు లెక్క చక్కగా కుదురుతుంది, ఒక్క అంకెతో మాత్రం కాదు. మైదానంలో 30 డిగ్రీలు, మంచు బిందువు, అంటే గాలిలోని ఆవిరి నీరవడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 25 అనుకోండి. ఈ రెండింటి తేడాని ఒక్కో డిగ్రీకి 125 మీటర్ల చొప్పున గుణిస్తే మేఘం అడుగు సుమారుగా ఎక్కడుంటుందో తెలుస్తుంది. ఇక్కడ 5 × 125, అంటే 625 మీటర్లు. అంతవరకు 9.8 రేటుతో 6 డిగ్రీలు తగ్గుతుంది. మిగిలిన 275 మీటర్లు మేఘంలోనే కాబట్టి 4 రేటుతో ఇంకో డిగ్రీ. మొత్తం 7 తగ్గి 23. జులైలో అరకు ఘాట్ పైభాగం పొగమంచులో మునిగిపోయేది ఇందుకే, మీరు మేఘంలోకే ఎక్కుతున్నారు. ఈ లెక్కలో సగటు రేటు దాదాపు 8 పడింది. మేఘం ఇంకా కిందే కట్టిన రోజు 6 దగ్గరికి వస్తుంది. 6.5 కుదిరే రోజులుంటాయి, ముందే దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

లెక్కల మాస్టారు: శీతాకాలంలో మబ్బు పట్టి, గాలి వీచే తెల్లవారుజామున ఎత్తు లెక్కే పనిచేస్తుందని ఒప్పుకుంటారా? అల్పపీడనం ఉన్న రోజుల్లో అరకులో 14, 15 ఉండటం నేను చూశాను.

బెలూన్ పెద్దాయన: ఒప్పుకుంటాను. మబ్బు నేల వేడిని పోనివ్వదు, గాలి చల్లదనాన్ని ఒకచోట నిలవనివ్వదు. పరీక్షించాలంటే దారి ఉంది. విశాఖ బెలూన్ కొలతలు నెట్‌లో అందరికీ దొరుకుతాయి, కేంద్రం నంబరు 43150, ఉదయం ఐదున్నర ప్రాంతంలోది తీయండి. గాలి ఒత్తిడి 925 హెక్టోపాస్కల్ అని ఉన్న వరుస అరకు కంటే కొంచెం తక్కువ ఎత్తుది. శీతాకాలంలో నేల దగ్గరి కంటే రెండు మూడు వందల మీటర్ల పైన వెచ్చగా ఉండటం అందులో తరచూ కనిపిస్తుంది. ఆ వరుసలో 17 ఉండి, అదే పొద్దున అరకులో 7 ఉంటే ఆ పది డిగ్రీల్లో దాదాపు అంతా లోయదే.

కాఫీ తోట: మరి లంబసింగిలో సున్నా అని ఏటా పేపర్లో వేస్తారే, అదీ లోయ చలేనా?

బెలూన్ పెద్దాయన: థర్మామీటరు ఎక్కడ పెట్టారో తెలియకుండా ఆ అంకె మీద మాట్లాడను. పద్ధతి ప్రకారం మనిషి ఛాతీ ఎత్తులో, గాలాడే చెక్క పెట్టెలో ఉండాలి. గడ్డి మీద పెడితే అదే రాత్రి మూడు నాలుగు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. గడ్డి మీద మంచు గడ్డకట్టినంత మాత్రాన గాలి సున్నాలో ఉన్నట్టు కాదు.

కాఫీ తోట: గడ్డి మీద సున్నా అయినా మా మొక్కకి అదే సున్నా సార్. మాకు కావలసింది ఆ అంకే. దాన్ని తప్పంటే ఒప్పుకోను.

బెలూన్ పెద్దాయన: తప్పనను. వైజాగ్ గాలితో పోల్చడానికి మాత్రం ఆ అంకె పనికిరాదు.

వైజాగ్ వాసి: సరే, నేను నాన్నకి స్వెట్టర్ ఒకటి పెట్టాలా రెండా? ముందు రోజు రాత్రి దేన్ని చూసి తేల్చుకోవాలి?

బెలూన్ పెద్దాయన: వైజాగ్‌ని వదిలేసి అరకునే చూడండి. నిన్నటి తెల్లవారుజాము ఎంతుందో కనుక్కోండి. ఆకాశం, గాలి అలాగే ఉంటే ఈరోజూ దాని దగ్గర్లోనే ఉంటుంది. రెండోది, సాయంత్రం అరకులో మంచు బిందువు. గాలి అంతవరకు చల్లబడ్డాక మంచు కడుతుంది, కడుతూ వేడి వదులుతుంది, ఆపైన పడిపోవడం నెమ్మదిస్తుంది. సాయంత్రం అది 8 ఉంటే తెల్లవారేసరికి 7, 8 అనుకోండి.

లెక్కల మాస్టారు: రాత్రి మధ్యలో ఒడిశా వైపు నుంచి పొడి గాలి దిగితే మంచు బిందువే మారిపోతుంది, మీ 8 నిలబడదు.

బెలూన్ పెద్దాయన: నిజమే, ఆ రాత్రి ఇంకా కిందికి పోతుంది. దాన్ని సాయంత్రమే పట్టుకునే ఉపాయం నా దగ్గర లేదు.

కాఫీ తోట: రెండు స్వెట్టర్లు పెట్టండి. రూము లోయ అడుగున కాకుండా వాలు మీద ఉన్నది చూసుకోండి, పెద్దవాళ్లకి తెల్లవారుజామున తేడా తెలుస్తుంది.