హాఫిజ్ ద్విపదిలోని ‘బూ’, ‘తాబ్’: ఇంగ్లీషులో రెండర్థాలూ నిలుస్తాయా?

రేవతి_ఎం: పారశీక కవి హాఫిజ్ కవితల సంపుటి ‘దీవాన్’లో మొదటి గజల్లోని రెండో ద్విపదిని ఇంగ్లీషు చేస్తున్నాను.

బ బూయె నాఫెఈ కాఖర్ సబా జాన్ తొర్రె బొగ్షాయద్
జె తాబె జఅదె మొష్కీనష్ చె ఖూన్ ఒఫ్తాద్ దర్ దిల్‌హా

సబా అనే వేకువ గాలి ఆ ముంగురుల నుంచి ఎప్పటికైనా విప్పబోయే కస్తూరి ‘బూ’ కోసం, ఆ కస్తూరి కురుల ‘తాబ్’ వల్ల గుండెల్లో ఎంత నెత్తురు నిండిందో అని భావం. ‘బూ’ అంటే వాసన, ఆశ కూడా. ‘తాబ్’ అంటే కురుల మెలిక, తాపం కూడా. ఒక అర్థాన్ని వదిలి పద్యాన్ని కాపాడాలా, లేక రెండో అర్థాన్ని అధోజ్ఞాపికలో చెప్పాలా?

మృగనాభి: రేవతి గారూ, రెండర్థాల కన్నా ముందు ఆ రెంటినీ కలిపి పట్టుకున్న చిత్రాన్ని చూడండి. కస్తూరి మృగం నాభి దగ్గరి తిత్తిలో చేరిన నెత్తురే కస్తూరిగా మారుతుందని పాత పారశీక కవుల నమ్మకం. తిత్తిలోని పదార్థం ఎండి నల్లటి గడ్డలైనప్పుడు అచ్చం గడ్డకట్టిన నెత్తురులాగే ఉంటుంది కాబట్టి ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. అక్కడ నెత్తురు కస్తూరి అవుతుంటే, ఇక్కడ కస్తూరి రంగు కురులు ప్రేమికుల గుండెల్లో నెత్తురు నింపుతున్నాయి. మనం కస్తూరినే ‘మృగనాభి’ అంటాం కనుక ఈ ముడి మనకు ఇట్టే అందుతుంది. ఇంగ్లీషు పాఠకుడికి ‘మస్క్’ అనగానే అత్తరు సీసా తప్ప నెత్తురు గుర్తుకు రాదు. అందుకే ‘బ్లీడ్’ అనకుండా ‘క్లాట్’ అనే క్రియ వాడి చూడండి. గడ్డకట్టడం అన్న ఆ ఒక్క మాటతో గుండె, తిత్తి రెండూ దగ్గరవుతాయి.

‘బ బూయె’కి ‘ఆన్ ద సెంట్ ఆఫ్’ సరిపోతుందని నా అభిప్రాయం. వాసన పట్టి వెంటాడడం అన్న వేటమాట అది. వాసనా ఉంది, దొరుకుతుందన్న ఆశా ఉంది. ‘తాబ్’కి ‘కాయిల్’ ఉంది: మెలిక అన్న వాడుక అర్థంతో పాటు, షేక్‌స్పియర్ కాలంలో అల్లకల్లోలం అన్న అర్థం కూడా దానికి ఉండేది.

గోదారి_గట్టు: ఈ తంటాలన్నీ ఎందుకండీ? ‘రాఘవపాండవీయం’ రాసిన సూరన దేశంలో శ్లేషకు కొదవా? తెలుగులో ‘వాసన’ అంటే చాలు: పరిమళమూ వస్తుంది, పూర్వజన్మ వాసనా వస్తుంది.

రేవతి_ఎం: మాట బాగుందండీ, కానీ నా పని ఇంగ్లీషులోకి. పైగా ‘బూ’ రాబోయేదాని మీద ఆశ; మీ ‘వాసన’ గడిచిపోయినదాని జాడ.

షీరాజ్_బాటసారి: మీరంతా పైపైన చూస్తున్నారు. సూఫీల పరిభాషలో కురులంటే సృష్టిలోని బహుత్వం, పరమసత్యాన్ని కప్పే తెర. సూఫీ కవి షబిస్తరీ రాసిన ‘గుల్షనె రాజ్’లో ఈ సంకేతాలకు వివరణ ఉంది. అనువదించవలసింది ఆ లోపలి అర్థాన్ని. మెలిక, తాపం అలంకారాలు మాత్రమే.

మృగనాభి: ఆ సంకేతం ఉన్న మాట నిజం. కానీ హాఫిజ్ కురులనే రాశాడు, బహుత్వమని రాయలేదు. మీరు తెర అని రాస్తే సబా గాలి విప్పడానికి ముడి ఉండదు, గాలికి పని ఉండదు. కురులను కురులుగానే ఉంచితే సూఫీ పాఠకుడు తన తెరను తానే చూసుకుంటాడు.

అర్థాలను విడదీస్తే ఏమవుతుందో గెర్‌ట్రూడ్ బెల్ 1897లో చేసిన అనువాదం చూపిస్తుంది. ఆవిడ ఈ ద్విపదిని నాలుగు పాదాలు చేసి, ‘బూ’లోని ఆశను గాలికి చేసిన ప్రార్థనగా, వాసనను కస్తూరి పరిమళంగా వేరువేరుగా పెట్టింది. గుండె నెత్తురు కన్నీళ్లయింది. పాటగా చక్కగా ఉంది, నాకూ ఇష్టమే. కానీ ‘తాబ్’ ఆనవాలు లేదు, నెత్తురుకీ కస్తూరికీ ఉన్న చుట్టరికం తెగిపోయింది.

రేవతి_ఎం: మీ మాటలు పట్టుకుని ఇలా రాశాను, తెలుగు లిపిలోనే పెడుతున్నాను:

ఆన్ ద సెంట్ ఆఫ్ మస్క్ ద బ్రీజ్ మే యెట్ అన్‌నాట్ ఫ్రమ్ దట్ హెయిర్,
వాట్ బ్లడ్ ఇట్స్ డార్క్ కాయిల్ హాజ్ క్లాటెడ్ ఇన్ అవర్ హార్ట్స్.

‘ఆన్ ద సెంట్’ దగ్గర మాత్రం నాకు తృప్తి లేదు. అది వేటగాడి మాట. హాఫిజ్ ప్రేమికుడు వెంటాడడు, గాలి ఎప్పుడు వీస్తుందా అని కూర్చుంటాడు. ‘కాయిల్’ పాత అర్థం కూడా ఈ రోజు ఎంతమందికి వినిపిస్తుంది?

మృగనాభి: వేటగాడి మాటేనని ఒప్పుకుంటాను, అయితే కస్తూరి కోసం వేటాడేది ఆ మృగాన్నే కదా. ‘కాయిల్’ విషయంలో నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం మార్చకండి: పారశీకంలో ‘అతని’, ‘ఆమె’ తేడా లేదు, మొష్కీనష్‌లోని ‘అష్’ ఇద్దరికీ చెల్లుతుంది. బెల్ ‘హర్’ అని తేల్చేసింది. మీ ‘దట్ హెయిర్’, ‘ఇట్స్’ ఆ తలుపును తెరిచే ఉంచాయి.

షీరాజ్_బాటసారి: ఆ తలుపులోంచే నేను లోపలికి వస్తున్నానండీ. ‘దట్ హెయిర్’ ఎవరిదో చెప్పనంతవరకు నాకు అభ్యంతరం లేదు.